రెండు గంటల నియమం: బల్ల మీద మిగిలిపోయిన మాంసం సంగతి

రాత్రి భోజనాలు ముగిసి, కబుర్లలో పడి, ఎప్పటికో వంటగదిలోకి వెళ్లి చూస్తే మాంసం గిన్నె ఇంకా పొయ్యి పక్కనే ఉంటుంది. అప్పుడు ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. ఒకరు గడియారం చూసి, రెండు గంటలు దాటింది కాబట్టి పారబోయాల్సిందే అంటారు. ఇంకొకరు మూత తీసి వాసన చూసి, బంగారంలా ఉంది, రేపటికి పనికొస్తుంది అంటారు. ఈ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. మొదటివారు నియమం పట్టుకున్నారు కానీ అది ఎందుకు పుట్టిందో పట్టించుకోలేదు. రెండోవారు నియమాన్నే వదిలేసి, ఈ విషయంలో ఏమాత్రం పనికిరాని ముక్కును నమ్ముకున్నారు.

నియమం ఇది. వండిన మాంసాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఆలోపే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే. ఇంటి వంటల కోసం ఈ మాట చెప్పేది అమెరికా వ్యవసాయ శాఖ. వారి లెక్కలో 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్నదంతా ప్రమాదకరమైన పరిధి. అంతకంటే చల్లగా ఉంటే బ్యాక్టీరియా పెరుగుదల బాగా మందగిస్తుంది, అంతకంటే వేడిగా ఉంటే పెరగలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 4 నుంచి 60 వరకు అని ఒకే గీత గీసేసరికి, ఆ మధ్యలో అన్ని డిగ్రీలూ సమానమే అనిపిస్తుంది. నిజానికి కావు. 10 డిగ్రీల దగ్గర గంటలు గడిచినా పెద్దగా ఏమీ జరగకపోవచ్చు. 45 డిగ్రీల దగ్గర అదే సమయంలో జాతర జరుగుతుంది. మిగిలిన మాంసం విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే. గిన్నె ఎంతసేపు బయట ఉందన్న ప్రశ్న కంటే, అది 50 నుంచి 25 డిగ్రీలకు దిగడానికి ఎంతసేపు తీసుకుందన్న ప్రశ్న ముఖ్యం. రెండు గంటల నియమం ఈ రెండో ప్రశ్నకు వేసిన మొరటు అంచనా. మొరటుదే అయినా పనికొచ్చే అంచనా.

అసలు నేరస్థుడు ఎవరో చూద్దాం. బాగా ఉడికిన మాంసంలో బతికున్న బ్యాక్టీరియా ఏముంటుందని చాలామంది అడుగుతారు. ప్రశ్న సబబైనదే. ఉడుకు మామూలు బ్యాక్టీరియాను చంపేస్తుంది. కానీ క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే జాతి ఒకటుంది. మట్టిలో, దుమ్ములో, జంతువుల పేగుల్లో ఉంటుంది కాబట్టి పచ్చి మాంసంలో దొరకడం మామూలే. పరిస్థితి బాగోలేనప్పుడు ఇది సిద్ధబీజాలుగా, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపంలోకి మారుతుంది. ఆ బీజాల్లో కొన్ని మరిగే పులుసును కూడా తట్టుకుంటాయి. తట్టుకోవడంతో ఆగిపోవు. ఉడికించిన వేడే వాటిని నిద్రలేపుతుంది. ఉడికేటప్పుడు పులుసులోని ఆక్సిజన్ చాలావరకు బయటికి పోతుంది, ఈ జాతికి ఆక్సిజన్ లేని చోటే కావాలి. పోటీకి వచ్చే ఇతర బ్యాక్టీరియా అంతా ఉడుకులో చచ్చిపోయి ఉంటుంది. పైగా మాంసం నిండా దానికి కావలసిన పోషకాలే. ఒక్క వేడి మాత్రం తగ్గాలి. గిన్నె 50 డిగ్రీల దగ్గరికి దిగగానే దాని పని మొదలవుతుంది.

43 నుంచి 47 డిగ్రీల మధ్య దీనికి అత్యంత అనుకూలం. ఆ వేడిలో దాదాపు పది నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. ఇంత వేగంగా పెరిగే ఆహార బ్యాక్టీరియా చాలా అరుదు. పది నిమిషాలకొక రెట్టింపు అంటే వంద నిమిషాల్లో పది రెట్టింపులు, అంటే వెయ్యి రెట్లు. గ్రాము మాంసంలో పది ఉన్నాయనుకుంటే మరో వంద నిమిషాలు గడిచేసరికి కోటికి చేరతాయి. మనిషికి జబ్బు తెప్పించడానికి గ్రాముకు పది లక్షలు దాటితే చాలు. అయితే నిద్రలేచిన బీజం వెంటనే రెట్టింపు కావడం మొదలుపెట్టదు, మొదట మొలకెత్తాలి, కుదురుకోవాలి. ఆ జాప్యమే మనకున్న వెసులుబాటు. రెండు గంటల అంకె ఎందుకు నిలబడుతుందో ఇక్కడ కనిపిస్తుంది: అత్యంత అనుకూలమైన వేడిలో ఉన్నా ఆలోపు సంఖ్య ప్రమాదకరమైన మెట్టుకు చేరడం కష్టం. రెండు గంటలు దాటిన మరుక్షణం విషమైపోతుందని దీని అర్థం కాదు. రెండు గంటల్లో పని ముగిస్తే, ఏ లెక్కా వేయకుండానే నిశ్చింతగా ఉండవచ్చని అర్థం.

ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదనడానికి హోటళ్లకు వర్తించే నియమం చూడండి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రచురించే ఫుడ్ కోడ్ ప్రకారం వండిన వేడి పదార్థాన్ని 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో దించాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకు దించడానికి మరో నాలుగు గంటలు తీసుకోవచ్చు. మొత్తం ఆరు గంటలు. ఇంటికి రెండు, హోటలుకు ఆరా అని ఎవరైనా నిలదీస్తే తప్పులేదు. కానీ ఆ ఆరు గంటలను పంచిన తీరు చూడండి. వేగంగా పెరిగే పై భాగానికి రెండే గంటలు, నెమ్మదిగా పెరిగే కింది భాగానికి నాలుగు. హోటలువారి చేతిలో థర్మామీటరు ఉంటుంది, గిన్నె నడుమ గుచ్చి చూస్తారు, లేదా చూడాలి. ఇంట్లో ఎవరూ కొలవరు. కొలవని వారికి ఇచ్చిన సరళమైన మాట రెండు గంటలు. దానిలో కొంత అదనపు జాగ్రత్త ఉంది, ఆ అదనం కొలవకపోవడానికి చెల్లించే సుంకం.

ఇప్పుడు ఒక గిన్నెను ముందు పెట్టుకుని లెక్క వేద్దాం. విందు అయిపోయింది. మందపాటి గిన్నెలో అయిదు లీటర్ల దాకా మాంసం పులుసు మిగిలింది. రాత్రి తొమ్మిదింటికి మూత పెట్టి పొయ్యి పక్కన వదిలేశారు. అప్పటికి నడుమ వేడి 80 డిగ్రీలు, గది వేడి 28. అయిదు లీటర్ల పులుసులో వేడి బోలెడంత ఉంటుంది, అది బయటికి పోవడానికి గిన్నె గోడలు తప్ప దారి లేదు. పైన తేలిన కొవ్వు పొర ఆవిరిని కూడా ఆపేస్తుంది. మూత తీసి చూస్తే ఆవిరి కనబడదు, చల్లారిందనుకుంటాం. గరిటె అడుగుదాకా దించి పైకి తీస్తే మాత్రం చేతికి సెగ తగులుతుంది.

ఇలాంటి గిన్నె 60 డిగ్రీలకు దిగడానికి గంటన్నర పడుతుంది, అంటే పదిన్నర దాటుతుంది. అంతవరకు ఏ బ్యాక్టీరియా పెరగదు. నిజం చెప్పాలంటే, కచ్చితమైన లెక్కలో రెండు గంటలు మొదలయ్యేది అప్పుడే. 50 డిగ్రీలకు దిగేసరికి పావు తక్కువ పన్నెండు. అక్కడి నుంచి కథ మారుతుంది. గిన్నె వేడి గది వేడికి దగ్గరవుతున్న కొద్దీ చల్లారే వేగం తగ్గిపోతుంది. 40 డిగ్రీలకు వచ్చేసరికి రాత్రి ఒకటిన్నర దాటుతుంది, 35కు వచ్చేసరికి మూడు దాటుతుంది. అంటే అందరూ గాఢనిద్రలో ఉన్న ఆ మూడున్నర గంటలూ పులుసు పెర్‌ఫ్రింజెన్స్‌కు బాగా నచ్చిన వేడిలోనే ఉంది. మొదటి గంటో గంటన్నరో మొలకెత్తడానికి పోయినా, మిగిలిన రెండు గంటల్లో పన్నెండు రెట్టింపులకు చోటుంది, అంటే నాలుగు వేల రెట్లు. ఆ తర్వాత తెల్లవారే దాకా నెమ్మదించిన పెరుగుదల అదనం. పొద్దున ఏడింటికి గిన్నె ముట్టుకుంటే ఇంకా కాస్త గోరువెచ్చగా ఉంటుంది. ఆ గోరువెచ్చదనాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. వాసన మాత్రం రాత్రి ఎలా ఉందో అలాగే ఉండవచ్చు, ఎందుకంటే కుళ్లు వాసన తెచ్చే బ్యాక్టీరియా వేరు, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా వేరు.

అంకెలు గిన్నెను బట్టి, గదిని బట్టి అటూఇటూ అవుతాయి. రాగి గిన్నె, ఉక్కు గిన్నె, గాలి ఆడే గది, ఆడని గది, అన్నీ తేడా తెస్తాయి. కానీ రూపం మారదు. పెద్ద గిన్నె మొదట మనల్ని కాపాడినట్టు కనిపించి, తర్వాత మోసం చేస్తుంది. ఎంత పెద్దదైతే మోసం అంత ఎక్కువసేపు సాగుతుంది. మందం రెట్టింపైతే నడిభాగం చల్లారడానికి పట్టే సమయం ముద్దలాంటి పదార్థంలో దాదాపు నాలుగు రెట్లవుతుంది. పెర్‌ఫ్రింజెన్స్ వల్ల వచ్చే జబ్బులు ఎక్కువగా పెద్ద విందుల్లో, వసతి గృహాల్లో, ఆసుపత్రి భోజనశాలల్లో బయటపడటానికి కారణం అక్కడి వంటవారి అశుభ్రత కాదు, అక్కడి గిన్నెల సైజు.

ఈ లెక్కంతా చెప్పినప్పుడు మా పెద్దమ్మ ఒకే మాటతో కొట్టిపారేసింది.

"పొద్దున బాగా మరిగిస్తే సరిపోయేదానికి ఎందుకమ్మా ఇంత గొడవ?"

"మరిగిస్తే పురుగు చస్తుంది పెద్దమ్మా. కొన్ని పురుగులు కక్కిన విషం చావదు."

"మరి ఇన్నేళ్లుగా మేము తింటూనే ఉన్నాం కదా, ఏమైంది?"

రెండో ప్రశ్న నేను అనుకున్న దానికంటే గట్టిది. తేలిగ్గా తీసిపారేయలేను. మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను.

పెర్‌ఫ్రింజెన్స్ వరకు పెద్దమ్మ మాటలో చాలా నిజం ఉంది. ఈ జాతి జబ్బు తెచ్చేది బతికున్న రూపంలో కడుపులోకి వెళ్లి, పేగుల్లో విషం తయారు చేసినప్పుడు. పులుసును గుబగుబ మరిగించి, ముక్క నడిభాగం కూడా 74 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే పెరిగిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. జబ్బులు వచ్చిన చాలా సందర్భాల్లో అసలు జరిగేది గోరువెచ్చగా వేడి చేసి వడ్డించడం. తొందరలో పైపైన వేడి చేసిన గిన్నె, రాత్రి చేసిన పనినే పొద్దున కొనసాగిస్తుంది. కాబట్టి మరిగించడం వృథా అని ఎవరూ అనరు.

కానీ గిన్నెలోకి వచ్చేది పెర్‌ఫ్రింజెన్స్ ఒక్కటే కాదు. స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే మరొకటి మనుషుల ముక్కుల్లో, చర్మం మీద, చిన్న చిన్న గాయాల్లో కాపురం ఉంటుంది. అది ఉడుకును తట్టుకోలేదు. దానికి ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే అది వంట అయిపోయాకే వస్తుంది. ఎవరో చేత్తో ముక్క తీసి రుచి చూస్తారు, ఎముకల నుంచి మాంసం విడదీస్తారు, తిన్న చేతితోనే గరిటె పట్టుకుంటారు. ఉడికి శుభ్రమైన మాంసం మీద పోటీ లేకుండా అది పెరుగుతుంది, పెరుగుతూ మాంసంలోకే విషం వదులుతుంది. ఆ విషం మరిగించినా పోదు. బ్యాక్టీరియా మొత్తం చచ్చినా విషం మిగిలే ఉంటుంది. తిన్న అరగంట నుంచి కొన్ని గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. మరిగించినదే తిన్నాం కదా, ఇదెక్కడి నుంచి వచ్చిందని ఇంట్లో ఆశ్చర్యపోతారు. ఇలాంటి విషం పోగుపడాలంటే గంటల తరబడి వెచ్చదనం కావాలి. ఫ్రిజ్‌లో అది జరగదు. అందుకే నా దృష్టిలో మళ్లీ మరిగించడం నియమానికి మినహాయింపు కాదు. నియమం పాటించిన తర్వాత చేయాల్సిన రెండో పని.

ఇక, ఇన్నేళ్లుగా తింటున్నాం కదా అన్న మాట. పెర్‌ఫ్రింజెన్స్ జబ్బు తిన్న ఆరు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య మొదలవుతుంది. కడుపు మెలిపెట్టడం, విరేచనాలు. జ్వరం సాధారణంగా ఉండదు, వాంతులూ అరుదే. ఒక రోజులో తగ్గిపోతుంది. ఎవరూ వైద్యుడి దగ్గరికి వెళ్లరు, ఎవరూ పరీక్ష చేయించరు. నిన్న మధ్యాహ్నం తిన్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అజీర్తి అంటారు, వేడి చేసిందంటారు, ఎక్కువ తిన్నానంటారు. అందువల్ల ఏమీ కాలేదన్న జ్ఞాపకం నిజంగా ఏమీ కాలేదనడానికి రుజువు కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనాలో ఆ ఒక్క దేశంలోనే ఏటా దాదాపు పది లక్షల మంది ఈ బ్యాక్టీరియా బారిన పడుతున్నారు. వారిలో అత్యధికుల పేర్లు ఏ ఆసుపత్రి పుస్తకంలోనూ ఎక్కవు.

పెద్దమ్మ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చిన్న గిన్నెలో, సరిపడా వండి, మిగిలిన కొద్దిపాటి మాంసాన్ని పొద్దున నీరు ఇంకేదాకా మరిగించి తిన్నవారికి ఏమీ కాకపోవడంలో వింత లేదు. ఆ కొద్దిపాటి మాంసం ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది, ప్రమాదకరమైన వేడిలో ఎక్కువసేపు నిలవదు. ఆ అనుభవాన్ని తీసుకెళ్లి అయిదు లీటర్ల గిన్నెకు అంటగట్టడమే పొరపాటు.

ఇప్పుడు మినహాయింపులు. మినహాయింపు అనగానే అందరి మనసూ గడువు పెంచే వైపే పోతుంది. గడువు తగ్గించేవి ముందు చెబుతాను, ఎందుకంటే వాటిని ఎవరూ అడగరు.

మొదటిది ఇందాకటి 32 డిగ్రీల సంగతి. ఆరుబయట ఎండలో భోజనాలు పెట్టుకుంటే, లేదా వంటగదే కొలిమిలా ఉంటే, గడువు గంట. అంత వేడి గదిలో గిన్నె చల్లారినా 30ల్లోనే ఆగిపోతుంది, అక్కడ రెండు జాతులూ హాయిగా పెరుగుతాయి. రెండోది తినేవారి సంగతి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, కీమోథెరపీ వంటి చికిత్సల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇంట్లో ఉంటే నేను నిమిషాల గురించి వాదించను. ఆరోగ్యవంతుడికి ఒక రోజు కడుపునొప్పిగా పోయేది వారికి ఒంట్లో నీరు తగ్గి ఆసుపత్రి దాకా తీసుకెళ్లవచ్చు. మూడోది చాలామంది మరిచిపోయేది: సమయం కూడుతూ పోతుంది. వడ్డించేటప్పుడు నలభై నిమిషాలు, ఆలస్యంగా వచ్చిన చుట్టాల కోసం మళ్లీ బయటికి తీసిన అరగంట, రేపు మధ్యాహ్నం బల్ల మీద మరో గంట. ఫ్రిజ్‌లో పెట్టగానే గడియారం ఆగుతుంది, సున్నాకు రాదు.

గడువు పెంచేవాటిలో నిజమైనది ఒకటే, వేడిగా ఉంచడం. నడుమ 60 డిగ్రీలకు తగ్గకుండా సన్నని మంట మీదో, వేడిగా నిలిపే విద్యుత్ పాత్రలోనో ఉన్నంతసేపు రెండు గంటలు మొదలే కావు. విందులో ఆలస్యంగా తినేవారు ఉంటే ఇదే మంచి పద్ధతి. అయితే వెచ్చగా ఉంది అనుకోవడం వేరు, 60 డిగ్రీలు ఉండటం వేరు. 60 డిగ్రీల పులుసులో వేలు క్షణం కూడా ఉంచలేం. వేలు హాయిగా ఉంచగలిగిన వెచ్చదనం సరిగ్గా బ్యాక్టీరియాకు కావలసిన వెచ్చదనమే. చల్లారిన మాంసాన్ని అలాంటి పాత్రలో పెట్టి వేడెక్కనివ్వడం కూడా తప్పే. అది నిలిపే పరికరం, వేడి చేసేది కాదు. ముందు పొయ్యి మీద మరిగించి, తర్వాతే అందులోకి మార్చాలి.

ఎండబెట్టిన మాంసం, వెనిగర్‌లో ఊరి పూర్తిగా పుల్లబడిన మాంసం వేరే కోవకు చెందుతాయి. వాటిలో బ్యాక్టీరియాకు అందే నీరు ఉండదు, లేదా పులుపు పెరగనివ్వదు. కానీ పులుసులో కాస్త నిమ్మరసం పిండితే ఆ కోవలోకి వచ్చేయదు. ఉప్పు గురించి కూడా జాగ్రత్త. చాలా జాతులను ఆపేంత ఉప్పును స్టాఫైలోకాకస్ లెక్కచేయదు. ఉప్పు బాగా పట్టిన మాంసం ముక్కలు దానికి ఇష్టమైన నివాసం.

నాలుగు గంటల మాట కూడా వినిపిస్తుంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆహార వ్యాపారులకు చెప్పే సూత్రం. ప్రమాదకరమైన పరిధిలో మొత్తం రెండు గంటల లోపు ఉంటే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, లేదా వాడవచ్చు. రెండు నుంచి నాలుగు గంటల మధ్య అయితే అప్పుడే వాడేయాలి, దాచకూడదు. నాలుగు దాటితే పారేయాలి. నాకు ఈ సూత్రం నచ్చుతుంది. తినడం, దాచడం వేర్వేరు ప్రశ్నలని అది గుర్తిస్తుంది. రెండున్నర గంటలు బయట ఉన్న మాంసాన్ని ఇప్పుడే తింటే ఉన్న ప్రమాదం ఒకటి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, చల్లారడానికి మరికొన్ని గంటలు ఇచ్చి, రేపు బయట పెట్టి, ఎల్లుండి మళ్లీ వేడి చేసి తింటే ఉండే ప్రమాదం మరొకటి.

ఈ వెలుగులో ఇంకో చిన్న సందర్భం చూద్దాం. అదే రాత్రి, అదే బల్ల. ఒక పళ్లెంలో వేయించిన మాంసం ముక్కలు పలుచగా పరిచి ఉన్నాయి. తొమ్మిదింటికి వడ్డించారు, పదకొండున్నరకు ఎవరో చూశారు. గడియారం ప్రకారం అరగంట దాటింది. కానీ పలుచని ముక్కలు పావుగంట, ఇరవై నిమిషాల్లోనే 40ల మెట్టు దాటి గది వేడికి దిగిపోయాయి. 28 డిగ్రీల దగ్గర పెరుగుదల 45 దగ్గర ఉన్నట్టు ఉండదు. ఇందులో భయపడాల్సింది చేతుల నుంచి వచ్చిన స్టాఫైలోకాకస్ గురించే, దానికీ రెండున్నర గంటలు విషం పోగేయడానికి చాలా తక్కువ. వ్యవసాయ శాఖ మాట ప్రకారం పారేయాలి. ఇల్లంతా ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లే అయితే, ఆకలిగా ఉన్నవారెవరైనా ఉంటే, పెనం మీద బాగా వేడి చేసి అప్పుడే తినేయమంటాను, రేపటికి దాచనివ్వను. పొద్దున చూస్తే మాత్రం పారేయడమే. పది గంటల్లో ఆ పళ్లెం మీద ఏం జరిగిందో ఏ పెనమూ సరిదిద్దలేదు. పక్కనున్న పెద్ద గిన్నె విషయంలో పదకొండున్నరకు నా తీర్పు ఇంకోలా ఉంటుంది: అది ఇంకా 50 డిగ్రీల పైనే ఉంది, కాబట్టి దాచుకోవచ్చు. గడియారం ఒకటే, గిన్నెలు రెండు, తీర్పులు తలకిందులు. ఒక షరతు ఉంది. ఆ పెద్ద గిన్నెను వెంటనే చల్లార్చగలగాలి.

చల్లార్చడం ఎలా? చాలామంది చేసేది మూత పెట్టి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెడదామని నిద్రపోవడం. వేడి పదార్థం ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందన్న నమ్మకం దీనికి మూలం. చిన్న డబ్బా వేడిగా ఉండగా పెడితే ఏమీ కాదు. అయిదు లీటర్ల గిన్నెను అలాగే పెడితే మాత్రం రెండు నష్టాలు. పక్కనున్న పాలు, కూరలు వెచ్చబడతాయి. గిన్నె నడిభాగం ఫ్రిజ్‌లో ఉండి కూడా గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

అందుకని మందం తగ్గించాలి. పులుసును వెడల్పాటి పాత్రల్లో అయిదు సెంటీమీటర్ల లోతుకు మించకుండా పోసి, కాసేపు మూత వారగా పెట్టి, ఒకదానిపై ఒకటి పేర్చకుండా ఫ్రిజ్‌లో గాలి ఆడేలా పెట్టాలి. పెద్ద మాంసపు దుంగ అయితే ముక్కలు కోసి పరచాలి. అన్ని పాత్రలు లేకపోతే వంటగది తొట్టిలో చల్లని నీళ్లు నింపి గిన్నెను అందులో కూర్చోబెట్టి, గరిటెతో కలుపుతూ ఉండండి. నీళ్లు వెచ్చబడగానే మార్చండి. పులుసు 40 డిగ్రీల దాకా మామూలు నీళ్లతోనే దిగిపోతుంది, ఐసు ఆ తర్వాతే వేయాలి. మొదటే వేస్తే 80 డిగ్రీల నుంచి దించడానికి మూడు కిలోల పైచిలుకు ఐసు కరిగిపోతుంది, అంత ఐసు ఏ ఇంట్లో ఉంటుంది? ఈ పద్ధతిలో కలుపుతూ ఉంటే అరగంట, ముప్పావుగంటలో గిన్నె ఫ్రిజ్‌లో పెట్టగల స్థితికి వస్తుంది. కలపకపోతే గోడల దగ్గర చల్లబడి నడుమ వేడి అలాగే ఉండిపోతుంది.

ఇలా దాచిన మాంసాన్ని మూడు, నాలుగు రోజుల్లో తినేయాలి. అంతకుమించి ఉంచాలంటే మొదటి రోజే గడ్డకట్టించడం మేలు. తినే పూటకు కావలసినంతే తీసి వేడి చేయండి, మిగిలింది కదపకండి. మైక్రోవేవ్ వాడితే మధ్యలో ఒకసారి కలపండి, అది ఒకచోట పొగలు కక్కిస్తూ మరోచోట చల్లగానే వదిలేస్తుంది.

చివరికి అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి ఒకటి మిగిలింది: గిన్నె ఎప్పటి నుంచి బయట ఉందో ఎవరికీ తెలియదు. ఒకరు పదింటికి తీశామంటారు, ఇంకొకరు ఎనిమిదికే అంటారు. గిన్నె గోరువెచ్చగా ఉంది. అలాంటప్పుడు పైన చెప్పిన లెక్కలేవీ అక్కరకు రావు, ఎందుకంటే మొదటి అంకే మన దగ్గర లేదు. రుచి చూసి తేలుద్దామని మాత్రం అనుకోకండి. విషానికి రుచి ఉండదు, జబ్బుకు ఆ ఒక్క ముద్దే చాలు కావచ్చు. పారేసేటప్పుడు సంచిలో గట్టిగా కట్టి పారేయండి, వీధి జంతువులకు పెట్టకండి. ఆ విషం వాటినీ వదలదు.